సగటు టార్క్ సరిపోయింది, మోటార్ ఎందుకు కాగుతోంది?

ప్రశ్న: సార్, మాది విశాఖ ఆటోనగర్‌లో చిన్న ప్యాకింగ్ మెషీన్ల యూనిట్. ఒక షటిల్ మీద డబ్బాలు 150 మిల్లీమీటర్లు ముందుకు, వెనక్కి వెళ్తాయి. కదిలే బరువు 70 కిలోలు. 750 వాట్ల సర్వో, 5:1 గేర్‌బాక్స్, బెల్ట్ డ్రైవ్, పుల్లీ ఒక చుట్టుకి 150 మిల్లీమీటర్లు. స్ట్రోక్ చివర గ్రిప్పర్ పని 0.1 సెకనులో అయిపోతుంది. ఆరు నిమిషాలు ఆగకుండా నడుస్తుంది, ఆ తర్వాత డబ్బాలు నింపుకోడానికి పది నిమిషాలు ఆగుతుంది. మొత్తం సైకిల్ మీద ఆర్‌ఎంఎస్ టార్క్ 1.85 న్యూటన్ మీటర్లు వచ్చింది. రేటెడ్ 2.39 కదా, సరిపోవాలి. కానీ పొద్దున మొదటి రెండు విడతలు బాగానే నడిచి, మూడో విడతలోనో నాలుగో విడతలోనో చివర్లో ఓవర్‌లోడ్ అలారం వస్తోంది. పవర్ ఆపి మళ్లీ వేస్తే పోతోంది. టార్క్ ట్రేస్ పొద్దునా మధ్యాహ్నం ఒకేలా ఉంది. నా లెక్క, కదలిక ప్రొఫైల్ ఫోటో పెట్టాను. మోటార్ బాడీ ముట్టుకుంటే కాలుతోంది గానీ మరీ ఎక్కువ అనిపించడం లేదు. డ్రైవ్ మార్చాలా, మోటార్ మార్చాలా?

జవాబు:

ముందుగా ఒక మాట. అలారం వచ్చినప్పుడల్లా పవర్ ఆపి మళ్లీ వేయడం ఇవాళే మానేయండి. కొన్ని డ్రైవుల్లో పవర్ పోగానే ఓవర్‌లోడ్ లెక్క సున్నాకి వెళ్తుంది. లోపల వైండింగ్ ఇంకా కాగుతూనే ఉంటుంది, డ్రైవ్ మాత్రం మోటార్ చల్లగా ఉందనుకుని మళ్లీ పూర్తి కరెంట్ ఇస్తుంది. అలారం వస్తే మెషీన్ ఆపండి, పవర్ మాత్రం ఉంచండి. పావుగంట చల్లారనిచ్చి అప్పుడు రీసెట్ చేయండి.

డ్రైవ్‌ని గానీ మోటార్‌ని గానీ ఇప్పుడే మార్చనక్కర్లేదు. మీ 1.85 కూడా సరైనదే, నేను మళ్లీ వేసి చూశాను. చిక్కంతా ఆ సగటుని ఎంత సమయం మీద తీశారన్న దగ్గర ఉంది. పదహారు నిమిషాల మీద తీసిన సగటు మోటార్ ఒంటికి సరిపోతుంది. లోపలి వైండింగ్‌కి మాత్రం పదహారు నిమిషాలంటే చాలా ఎక్కువ. ఆ ఆరు నిమిషాల్లోనే అది కాగాల్సినంతా కాగిపోతుంది. తర్వాత వచ్చే పది నిమిషాల విరామం దానికి అప్పటికి ఏ సాయమూ చేయలేదు.

ముందు ఒక్క స్ట్రోక్ తీసుకుందాం. మీరు చెప్పిన కొలతల ప్రకారం పుల్లీ ఒక చుట్టుకి 150 మిల్లీమీటర్లు కదులుతుంది, గేర్ 5:1, కాబట్టి మోటార్ ఒక చుట్టుకి 30 మిల్లీమీటర్లు. ఒక స్ట్రోక్‌కి మోటార్ ఐదు చుట్లు తిరగాలి. ఫోటోలో కనిపించిన ప్రొఫైల్ ప్రకారం 0.08 సెకన్లలో 2000 ఆర్‌పీఎం అందుకుంటోంది, 0.07 సెకన్లు అదే వేగంతో వెళ్తోంది, మళ్లీ 0.08 సెకన్లలో ఆగుతోంది. కదలిక 0.23 సెకన్లు, చివర్లో ఆగేది 0.17 సెకన్లు, మొత్తం 0.4 సెకన్లు. వెనక్కి వచ్చేటప్పుడూ ఇదే కథ, ఎందుకంటే బరువంతా దాదాపు క్యారేజ్‌దే.

70 కిలోల బరువుని మోటార్ షాఫ్ట్ దగ్గరికి తెస్తే ఇనర్షియా సుమారు 16×10⁻⁴ కిలో మీటర్ స్క్వేర్ అవుతుంది. దానికి మోటార్ రోటార్‌ది 1.6, గేర్‌బాక్స్, పుల్లీలది 0.4 కలిపితే మొత్తం 18×10⁻⁴. చాలామంది ఇక్కడ రోటార్ ఇనర్షియా కలపడం మర్చిపోతారు. మీరు కలిపారు, బాగుంది. రాపిడికి షాఫ్ట్ దగ్గర 0.7 న్యూటన్ మీటర్లు తీసుకున్నాను. అప్పుడు:

```
alpha   = 209.4 / 0.08      = 2618 rad/s²
T_inert = 0.0018 × 2618     = 4.71 Nm
T_acc   = 4.71 + 0.7        = 5.41 Nm   (0.08 s)
T_run   = 0.7 Nm                        (0.07 s)
T_dec   = 4.71 - 0.7        = 4.01 Nm   (0.08 s)
T_dwell = 0                             (0.17 s)

T_rms = sqrt((5.41²×0.08 + 0.7²×0.07 + 4.01²×0.08) / 0.4)
      = 3.03 Nm
```

ఆగేటప్పుడు రాపిడి మనకే సాయం చేస్తుంది కాబట్టి దాన్ని తీసేశాం. పీక్ 5.41. ఈ సైజు మోటార్‌కి పీక్ 7.1 దాకా ఉంటుంది, అటు వైపు భయం లేదు.

ఇప్పుడు ఆ 3.03 దగ్గర ఆగండి. షటిల్ నడుస్తున్న ఆరు నిమిషాలూ మోటార్ మీద పడేది ఇదే. రేటెడ్ టార్క్‌కి ఇది 127 శాతం. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని బట్టి ఉంటుంది, కరెంట్ టార్క్‌ని బట్టి ఉంటుంది. కాబట్టి 127 శాతం టార్క్ అంటే 161 శాతం వేడి. మీరు దీన్ని పది నిమిషాల సున్నాతో కలిపి పదహారు నిమిషాల మీద పరిచారు. అలా పరిస్తే వేడి 60 శాతానికి దిగి, టార్క్ 1.85 అయింది. ఆ 60 శాతం అనే అంకె నిజమే, కానీ మోటార్‌లో అన్ని భాగాలకీ అది వర్తించదు.

ఇక్కడే థర్మల్ టైమ్ కాన్‌స్టాంట్ గురించి మాట్లాడాలి. ఒక వస్తువుకి వేడి ఇవ్వడం మొదలుపెడితే అది చివరికి చేరాల్సిన ఉష్ణోగ్రతలో 63 శాతం చేరడానికి పట్టే సమయం అది. అలాంటి సమయాలు మూడు గడిస్తే 95 శాతం చేరినట్టే. చల్లారడానికీ అదే లెక్క.

సర్వో మోటార్‌లో ఇలాంటి సమయం ఒకటి కాదు, కనీసం రెండు ఉంటాయి. పొయ్యి మీద పెట్టిన ఇనప దోసె పెనం కాగడానికి చాలాసేపు పడుతుంది, చల్లారడానికీ చాలాసేపు పడుతుంది. అదే పొయ్యి మీద పల్చటి స్టీలు గిన్నె పెడితే నిమిషంలో కాగిపోతుంది, దించగానే చల్లారుతుంది. మోటార్‌లో స్టేటర్ ఇనుము, అల్యూమినియం బాడీ కలిసి పెనం లాంటివి. రాగి వైండింగ్ ఆ పెనం మీద పెట్టిన పల్చటి గిన్నె. రాగిలో పుట్టిన వేడి ముందు రాగినే కాల్చి, వార్నిష్, స్లాట్ కాగితం దాటి మెల్లగా ఇనుముకి, అక్కడి నుంచి బాడీకి, గాలికి వెళ్తుంది.

750 వాట్ల మోటార్‌కి మొత్తం ఒంటి టైమ్ కాన్‌స్టాంట్ ఇరవై ముప్ఫై నిమిషాల చుట్టూ ఉంటుంది. ఒంటితో పోల్చి వైండింగ్‌ది మాత్రం నిమిషం అటూ ఇటూ. డేటా షీట్‌లో సాధారణంగా ఒక్క అంకె ఇస్తారు, అది దాదాపు ఎప్పుడూ పెద్దదే. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా చిన్న మోటార్లు చేసేవాళ్లు, రెండూ విడివిడిగా ఇస్తారు. మీ మోటార్‌కి ఒంటికి 25 నిమిషాలు, వైండింగ్‌కి 60 సెకన్లు అనుకుని ముందుకి వెళ్దాం. ఆ రెండో అంకెని మీరే ఎలా కొలవొచ్చో కింద రాస్తాను.

ఇంకో అంకె కూడా కావాలి. రేటెడ్ టార్క్ 2.39 అంటే, 40 డిగ్రీల గాలిలో, కేటలాగ్ చెప్పిన అల్యూమినియం ప్లేట్ మీద బిగించి, ఎంతసేపు నడిపినా వైండింగ్ ఒక హద్దు దాటకుండా ఉండే టార్క్. క్లాస్ ఎఫ్ ఇన్సులేషన్ 155 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. తయారీదారులు కాస్త ఎడం పెట్టుకుని 100 డిగ్రీల పెరుగుదల దగ్గర రేటింగ్ ఇస్తారు అనుకుందాం, అంటే వైండింగ్ 140. ఆ 100లో బాడీ గాలి కంటే 60 ఎక్కువ, వైండింగ్ బాడీ కంటే 40 ఎక్కువ. ఇది మోటార్‌ని బట్టి కొంచెం మారుతుంది గానీ ఈ సైజుకి పెద్ద తేడా ఉండదు.

ఇప్పుడు మీ 16 నిమిషాలని చూడండి. వైండింగ్, బాడీ మధ్య తేడా: 161 శాతం వేడికి 40 కాస్తా 64 అవుతుంది. వైండింగ్ టైమ్ కాన్‌స్టాంట్ ఒక నిమిషం, మీరు నడిపేది ఆరు నిమిషాలు. మూడు నిమిషాలకే 95 శాతం చేరుకుంది. అంటే ఆ 64 డిగ్రీలు పూర్తిగా వచ్చేశాయి, సగటు అన్నదే దానికి తెలియదు. బాడీ సంగతి వేరు. దానికి ఆరు నిమిషాల వేడి, పది నిమిషాల చల్లదనం కలగలిసి ఒక మధ్య స్థాయిలో పైకీ కిందకీ ఊగుతుంది. లెక్క కడితే విడత చివర గాలి కంటే 44 డిగ్రీలు పైన ఉంటుంది. రెండూ కలిపితే 108. 40 డిగ్రీల గాలిలో వైండింగ్ 148.

మీ సగటు లెక్క ప్రకారం అయితే 60 శాతం వేడి, 60 డిగ్రీల పెరుగుదల, వైండింగ్ 100 డిగ్రీలు. 48 డిగ్రీల తేడా. లెక్క సరిగ్గా వేసి కూడా ఇంత దూరం పోయాం.

దీన్ని గట్టిగా మనసుకి ఎక్కించుకోడానికి ఇంకో ఊహ చేసి చూడండి. ఇదే షటిల్, ఇదే 3.03, ఇదే నిష్పత్తి, కానీ ఆరు నిమిషాలకి బదులు 9 సెకన్లు నడిచి, పది నిమిషాలకి బదులు 15 సెకన్లు ఆగుతుంది అనుకుందాం. మొత్తం మీద ఆర్‌ఎంఎస్ అదే 1.85. అప్పుడు వైండింగ్‌కి కాగడానికి సమయం చాలదు. నిమిషం టైమ్ కాన్‌స్టాంట్ ముందు 9 సెకన్లు ఎంత? బాడీ కంటే అది 27 డిగ్రీలు మాత్రమే పైకి వెళ్తుంది. బాడీ 36 దగ్గర నిలబడుతుంది. వైండింగ్ 104. అదే ఆర్‌ఎంఎస్, అదే మోటార్, ఒక చోట 104, ఇంకో చోట 148. ఆర్‌ఎంఎస్ అంకె ఒక్కటే చూసి మోటార్ ఎంచుకుంటే ఈ రెంటికీ తేడా కనపడదు.

ఇక్కడే మీ అలారం మూడో విడత నుంచి ఎందుకు వస్తోందో కూడా తేలుతుంది. పొద్దున్నే బాడీ చల్లగా ఉంటుంది. మొదటి విడతలో వైండింగ్ తన 64 ఎక్కుతుంది, బాడీ మాత్రం 21 దాకానే వస్తుంది, కాబట్టి వైండింగ్ 125 దగ్గర ఆగుతుంది. పది నిమిషాల విరామంలో బాడీ పూర్తిగా చల్లారదు, 14 దగ్గర మిగులుతుంది. రెండో విడత చివర వైండింగ్ 136. మూడో విడతకి 141, అంటే హద్దు దాటింది. నాలుగో విడతకి 144. ప్రతి విడతలో వైండింగ్ ఒకే మెట్టు ఎక్కుతోంది, కింద బాడీ అనే నేల మెల్లగా పైకి లేస్తోంది. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. ఇలా మొదట్లో బాగుండి, నలభై యాభై నిమిషాలకి మొదలయ్యే అలారం కనపడితే బేరింగ్ మీదో, కేబుల్ మీదో అనుమానం పెట్టుకునే ముందు ఈ లెక్క వేయాలి. బేరింగ్ పట్టేసినా, బెల్ట్ మరీ బిగువైనా మొదటి విడతలోనే టార్క్ ట్రేస్ ఎత్తుగా కనపడుతుంది. మీ ట్రేస్ పొద్దునా మధ్యాహ్నం ఒకేలా ఉందని మీరే రాశారు.

డ్రైవ్ వేసే ఓవర్‌లోడ్ లెక్క మన లెక్కతో అంకెకి అంకె కలవదు. దాని లోపల ఉండేది తయారీదారు పెట్టిన సాదా నమూనా, మీ షెడ్డులో గాలి ఎంత వేడిగా ఉందో దానికి తెలియదు. మేలో ఆటోనగర్ రేకుల షెడ్డులో, పైన గార్డ్ కవర్ మూసి ఉన్న మోటార్ చుట్టూ గాలి 46 డిగ్రీలు ఉండటం పెద్ద విచిత్రం కాదు. అప్పుడు మన 148 కాస్తా 154 అవుతుంది, క్లాస్ ఎఫ్ చివరి గీత మీద నిలబడ్డట్టే. డ్రైవ్ అలారం ఇవ్వకపోయినా మోటార్ మాత్రం అక్కడే ఉంటుంది. దానికి తోడు మీ మోటార్ గేర్‌బాక్స్ ఫ్లాంజ్‌కి బిగించి ఉంది. కేటలాగ్‌లోని అల్యూమినియం ప్లేట్ వేడిని లాగేస్తుంది, నడుస్తున్న గేర్‌బాక్స్ మాత్రం తానే వేడెక్కి వెనక్కి ఇస్తుంది.

మోటార్ బాడీ మరీ ఎక్కువ కాలడం లేదని రాశారు. విడత చివర బాడీ 40 మీద 44, అంటే 84 డిగ్రీలు. సర్వో మోటార్‌కి అది మామూలు వేడే, చేయి పెట్టి ఉంచలేం గానీ ఎవరూ కంగారుపడరు. లోపల 148 ఉన్నట్టు బయటికి ఏమీ తెలియదు. నేను ఒకసారి ఒక యూనిట్‌లో ఇలాంటి మోటార్‌నే గన్ థర్మామీటర్‌తో చూసి బాగానే ఉందని చెప్పి వచ్చేశాను. కొన్ని నెలలకి అది కాలిపోయిందని పిలిచారు. ఎండ్ కవర్ విప్పగానే మాడిన వార్నిష్ వాసన ముక్కుకి కొట్టింది. ఓవర్‌హాంగ్ దగ్గర రాగి తీగలు బెల్లం రంగుకి మారిపోయి ఉన్నాయి, కట్టిన దారం గోటితో గీకితే పొడిగా రాలింది. బయట పెయింట్ మాత్రం కొత్తగానే ఉంది. ఆ రోజు నుంచి నేను బాడీ వేడిని చూసి వైండింగ్ గురించి మాట్లాడటం మానేశాను.

మరి వైండింగ్ వేడి ఎలా తెలుస్తుంది? రాగి రెసిస్టెన్స్ తో. రాగి కాగిన కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఆ పెరుగుదల చాలా నమ్మకమైనది:

```
T_hot = (R_hot / R_cold) × (235 + T_cold) - 235
```

పొద్దున మెషీన్ మొదలుపెట్టక ముందు, మోటార్ గది ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు రెండు ఫేజుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. ఇది ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది కాబట్టి మామూలు మల్టీమీటర్ చాలదు, నాలుగు వైర్ల మిల్లీఓమ్ మీటర్ కావాలి. అద్దెకైనా తెచ్చుకోండి. చల్లగా ఉన్నప్పుడు 32 డిగ్రీలు అయితే, వేడిలో రెసిస్టెన్స్ 1.40 రెట్లు అయిందంటే వైండింగ్ 140 దగ్గర ఉన్నట్టే.

కొలిచేటప్పుడు జాగ్రత్త. డ్రైవ్‌లోని కెపాసిటర్లు పవర్ తీసిన తర్వాత కూడా చాలాసేపు ప్రమాదకరమైన వోల్టేజ్ పట్టుకుని ఉంటాయి. అవి దిగేదాకా ఆగితే వైండింగ్ చల్లారిపోతుంది. అందుకే డ్రైవ్‌కీ మోటార్‌కీ మధ్య మూడు ఫేజులూ తెంచే ఐసొలేటర్ ఒకటి ముందే పెట్టుకోండి. విడత చివర సర్వో ఆఫ్ చేసి, ఐసొలేటర్ తెరిచి, మోటార్ వైపు మాత్రమే మీటర్ పెట్టండి. సర్వో ఆన్‌లో ఉండగా ఐసొలేటర్ తెరవకూడదు. షటిల్ చేత్తో కదిలితే మోటార్ జనరేటర్‌లా పనిచేస్తుంది కాబట్టి దాన్ని కదలకుండా ఒక పిన్ వేసి ఉంచండి.

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. ఒక్క రీడింగ్ తో ఆగకండి. మొదటి మూడు నిమిషాలు పదిహేను సెకన్లకి ఒకటి, తర్వాత రెండు నిమిషాలకి ఒకటి చొప్పున అరగంట రాసుకోండి. కాగితం మీద గీస్తే రెండు వంపులు స్పష్టంగా కనపడతాయి. మొదట నిటారుగా పడిపోయేది వైండింగ్ బాడీకి తన వేడిని దించుతున్న భాగం. ఆ తర్వాత సాగిలపడి మెల్లగా దిగేది బాడీ గాలికి ఇస్తున్న భాగం. మొదటి పతనంలో 63 శాతం దిగడానికి ఎంతసేపు పట్టిందో అదే మీ మోటార్ వైండింగ్ టైమ్ కాన్‌స్టాంట్. ఐసొలేటర్ తెరిచి మొదటి రీడింగ్ తీసేలోపు ఇరవై సెకన్లు పోతాయి కదా, ఆ వంపుని వెనక్కి సున్నా సెకను దాకా పొడిగిస్తే మోటార్ ఆగిన క్షణంలో వైండింగ్ ఎంత వేడిగా ఉందో కూడా వస్తుంది. ఈ ఒక్క గంట పని డేటా షీట్‌లో లేని రెండు అంకెల్ని మీ మెషీన్ మీద, మీ గాలిలో, మీ గేర్‌బాక్స్‌తో ఇస్తుంది.

ఆ అంకెలు దొరికాక కింది చిన్న ప్రోగ్రామ్‌లో పెట్టి చూడండి. నేను పైన చెప్పిన 148 దీనితోనే వచ్చింది:

```python
kw, kh = 40.0, 60.0       # రేటెడ్ దగ్గర పెరుగుదల: వైండింగ్, బాడీ
tw, th = 60.0, 1500.0     # టైమ్ కాన్‌స్టాంట్లు, సెకన్లలో
p_on = (3.03 / 2.39) ** 2
w = h = peak = 0.0
for s in range(8 * 3600):
    p = p_on if s % 960 < 360 else 0.0
    w += (kw * p - w) / tw
    h += (kh * p - h) / th
    peak = max(peak, w + h)
print(round(40 + peak))
```

ఇది సాదా నమూనా అని గుర్తుంచుకోండి. వేడి అంతా టార్క్ వర్గాన్ని బట్టే పుడుతుందని అనుకుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర ఐరన్ లాస్ కొంత ఉంటుంది, అది ఇందులో లేదు. పీక్ టార్క్ దగ్గర ఇనుము సాచురేట్ అయ్యే మోటార్లలో అదే టార్క్‌కి కరెంట్ కాస్త ఎక్కువ పోతుంది, అదీ లేదు. అందుకే దీనితో వచ్చిన అంకె 130 లోపు ఉంటేనే నేను నిశ్చింతగా ఉంటాను.

సైకిల్ మీద సగటు తీయడం ఎప్పుడు సరిపోతుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. మొత్తం సైకిల్ వైండింగ్ టైమ్ కాన్‌స్టాంట్ కంటే బాగా చిన్నదైతే, అంటే మీ మోటార్‌కి పది సెకన్ల లోపు అయితే, మామూలు ఆర్‌ఎంఎస్ చాలు. అంతకంటే పొడవైతే రెండు ఆర్‌ఎంఎస్‌లు కావాలి. ఒకటి మొత్తం సైకిల్ మీద, అది బాడీ కోసం. రెండోది అన్నిటికంటే బరువైన ఒక నిమిషం మీద, అది వైండింగ్ కోసం. మొదటిది రేటెడ్‌లో 80 శాతం లోపు, రెండోది 105 శాతం లోపు ఉంచడం నా అలవాటు. మీకు మొదటిది 77, రెండోది 127. తప్పు ఎక్కడుందో ఆ రెండు అంకెలే చూపిస్తున్నాయి.

ఇక మందు. కొత్త మోటార్ కొనే ముందు మీ ఆగే సమయం చూడండి. స్ట్రోక్ చివర 0.17 సెకన్లు ఆగుతోంది. గ్రిప్పర్ పని 0.1 సెకనులో అయిపోతుందని మీరే రాశారు. అందులోంచి 0.04 సెకన్లు కదలికకి ఇచ్చేయండి. కదలిక 0.27 సెకన్లు, ఆగేది 0.13, మొత్తం అదే 0.4. గంటకి ఒక్క డబ్బా కూడా తగ్గదు. దూరం అదే అయినప్పుడు ఇనర్షియా టార్క్ సమయం వర్గానికి విలోమంగా తగ్గుతుంది, 4.71 కాస్తా 3.42 అవుతుంది. మొదలయ్యేటప్పుడు 4.12, ఆగేటప్పుడు 2.72. ఆర్‌ఎంఎస్ 3.03 నుంచి 2.41కి దిగుతుంది. వైండింగ్ 148 నుంచి 108కి వస్తుంది. నలభై మిల్లీసెకన్లకి నలభై డిగ్రీలు. పీఎల్‌సీలో రెండు అంకెలు మార్చడమే పని, రూపాయి ఖర్చు లేదు.

త్వరణానికి, స్థిర వేగానికి, మందగమనానికి సమయాన్ని మూడు సమాన భాగాలుగా పంచితే వేడి తక్కువ పుడుతుంది. మీది దాదాపు అలాగే ఉంది, దాన్ని కదపకండి. ఎవరైనా ఎస్-కర్వ్ పెట్టమంటే, కుదుపు తగ్గించుకోడానికి పెట్టుకోండి గానీ వేడి తగ్గుతుందని కాదు. అదే సమయంలో ఎస్-కర్వ్ పెడితే పీక్ టార్క్ పెరిగి, ఆర్‌ఎంఎస్ కూడా కొంచెం పైకే వెళ్తుంది.

ఆగే సమయంలోంచి తీసుకోవడం ఏదో కారణంతో కుదరకపోతే, గేర్‌బాక్స్‌ని 5:1 నుంచి 7:1కి మార్చడం రెండో దారి. మీ దగ్గర లోడ్ ఇనర్షియా రోటార్ కంటే పది రెట్లు ఉంది, మోటార్ నెమ్మదిగా తిరుగుతూ బరువు మోస్తోంది. 7:1 పెడితే వేగం 2800 ఆర్‌పీఎం అవుతుంది, ఇంకా రేటెడ్ 3000 లోపే. లోడ్ ఇనర్షియా 16 నుంచి 8.2కి పడిపోతుంది. లెక్క వేస్తే ఆర్‌ఎంఎస్ సరిగ్గా 2.39 దగ్గరికి వస్తుంది. ఇదొక్కటే చేస్తే ఒడ్డున పడతారు. రెండూ కలిపి చేస్తే 1.90, అంటే షటిల్ ఆగకుండా రోజంతా నడిచినా మోటార్ హద్దులోనే ఉంటుంది. రేపు మీ కస్టమర్ డబ్బాలు నింపే విరామం పది నిమిషాల నుంచి రెండు నిమిషాలకి తగ్గించేస్తే అప్పుడు ఇదే మిమ్మల్ని కాపాడుతుంది. ఇప్పుడు మీ మోటార్ బతుకు ఆపరేటర్ ఎంత నెమ్మదిగా నింపుతాడన్న దాని మీద ఆధారపడి ఉంది, నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే.

ఒక కిలోవాట్ మోటార్ ఆఖరి మార్గం. దాని రోటార్ కూడా బరువే, గేర్ మార్చకపోతే కొంత టార్క్ తనని తాను తిప్పుకోడానికే పోతుంది. డ్రైవ్, కేబుల్, ఫ్లాంజ్ అన్నీ మారాలి.

గార్డ్ కవర్‌కి కింద ఒకటి, పైన ఒకటి గాలి కన్నాలు పెట్టించండి, మోటార్ మీద నూనె పేరుకున్న దుమ్ము తుడిపించండి. ఆ తర్వాత 0.27 సెకన్ల ప్రొఫైల్ తో నాలుగు విడతలు నడిపి, నాలుగో విడత చివర రెసిస్టెన్స్ రీడింగులు తీసి ఇక్కడ పెట్టండి. పొద్దున చల్లగా ఉన్నప్పటి రీడింగ్, ఆ సమయంలో మోటార్ పక్కన గాలి ఉష్ణోగ్రత కూడా రాయడం మర్చిపోకండి. ఆ రెండూ లేకపోతే వేడి రీడింగ్ నుంచి ఏమీ తేల్చలేం.